డాబా మీద వాన నీరు: పిట్టగోడ ఎంత ఎత్తు, పైపు ఎంత లావు, ఎన్ని పెట్టాలి?

ఇల్లు కట్టేటప్పుడు పిట్టగోడ ఎత్తు మేస్త్రీ చూసుకుంటాడు, పైపు సైజు ప్లంబరు చెబుతాడు, పైన వాటం పోసేది మూడో మనిషి. ముగ్గురూ వేర్వేరు నెలల్లో వచ్చి ఎవరి పని వాళ్లు చేసుకుని పోతారు. కానీ కుండపోత వాన పడిన రోజున ఈ మూడూ కలిసే పనిచేయాలి. ఒకదాని కొలత తప్పితే మిగతా రెండూ సరిగ్గా ఉన్నా నీళ్లు మెట్ల గది గడప దాటి ఇంట్లోకి వస్తాయి. కాబట్టి మూడింటినీ ఒకే కాగితం మీద పెట్టుకుని ఎంచుకోవాలి.

లెక్క గాలిలో ఉండకుండా ఒక ఇల్లు తీసుకుందాం. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉన్న 200 గజాల స్థలం. చుట్టూ ఖాళీ వదలగా డాబా 25 అడుగులు, 45 అడుగులు. అంటే దాదాపు 104 చదరపు మీటర్లు. పైన మెట్ల గది ఉంది, చుట్టూ ఇటుక పిట్టగోడ. మన ఊళ్లలో ఇలాంటి ఇళ్లు వీధికి పది కనిపిస్తాయి.

ఏ వానకు కట్టాలి?

2000 ఆగస్టు 24న హైదరాబాద్‌లో ఒక్క రోజులో దాదాపు 24 సెంటీమీటర్ల వాన పడింది. ఊరు మునిగింది. అయితే ఆ 24 సెంటీమీటర్లు 24 గంటల్లో సమానంగా పడ్డాయనుకుంటే గంటకు ఒక్క సెంటీమీటరే. ఆ లెక్కన మన డాబాకు ఒక్క సన్నపైపు చాలు! డాబాను ముంచేది రోజు మొత్తం కాదు, పది పదిహేను నిమిషాల జోరు. పది నిమిషాల్లో రెండున్నర సెంటీమీటర్లు పడితే, అదే వేగం గంటకు 150 మిల్లీమీటర్లు. అల్పపీడనాల వానలోనూ, ఏప్రిల్, మే నెలల ఉరుముల వానలోనూ అంత జోరు కాసేపు కనిపిస్తుంది. అందుకే గంటకు 100 మిల్లీమీటర్ల లెక్క కనీసమనుకుని, 150కి కట్టుకోమని నా సలహా. తేడా ఒకటి నుంచి మూడు పైపుల ఖర్చు, అంతే.

వాన లెక్కలో ఒక సౌకర్యం ఉంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు పడితే సరిగ్గా ఒక లీటరు, ఒక కిలో బరువు. ఈ ఒక్క మాట గుర్తుంటే కింది లెక్కలన్నీ ఎవరైనా వేసుకోవచ్చు.

డాబా కొలతకు ఇంకొంచెం కలపాలి. గాలివానలో చినుకు ఏటవాలుగా వచ్చి మెట్ల గది గోడకు, పిట్టగోడ లోపలి వైపుకు కొట్టి కిందికి జారుతుంది. ఇంజినీర్లు గాలికి ఎదురయ్యే గోడలో సగం వైశాల్యాన్ని లెక్కలో చేరుస్తారు. మన ఇంటికి మెట్ల గది గోడ నుంచి సుమారు నాలుగు, పొడవు వైపు పిట్టగోడ నుంచి సుమారు ఏడు చదరపు మీటర్లు వస్తాయి. మొత్తం 115 అనుకుందాం. గంటకు 150 మిల్లీమీటర్ల వానలో ఈ డాబా మీదికి సెకనుకు 4.8 లీటర్లు వస్తాయి. నాలుగు సెకన్లకో పెద్ద బకెట్ నిండినంత.

పైపు సైజు: రెండున్నర అంగుళాలా, నాలుగా, ఆరా?

జాతీయ భవన నిర్మాణ కోడ్‌లో వాన పైపులకు ఒక పట్టిక ఉంది. ఒక్కో పైపు ఎన్ని చదరపు మీటర్ల డాబాను మోయగలదో అందులో ఉంటుంది. మనకు కావలసిన మూడు వరసలు ఇవి:

| పైపు లోపలి వ్యాసం | గంటకు 100 మి.మీ. వానలో | గంటకు 150 మి.మీ. వానలో |
|---|---|---|
| 75 మి.మీ. | 20.4 చ.మీ. | 13.6 చ.మీ. |
| 100 మి.మీ. | 42.7 చ.మీ. | 28.5 చ.మీ. |
| 150 మి.మీ. | (మన ఇంటికి అక్కర్లేదు) | 83.6 చ.మీ. |

75 నుంచి 100కి వెళితే పైపు మూడో వంతే లావవుతుంది, మోసే డాబా మాత్రం రెట్టింపు దాటుతుంది. ఇక్కడే చాలా ఇళ్ల తప్పు బయటపడుతుంది. నాలుగు మూలల్లో నాలుగు 75 పైపులు పెట్టి ‘నాలుగున్నాయిగా’ అని ధీమాగా ఉంటారు. ఆ నాలుగూ కలిసి 150 జోరులో మోయగలిగేది 54 చదరపు మీటర్లే. మన డాబాకు అది సగం కన్నా తక్కువ. 75తోనే సరిపెట్టాలంటే తొమ్మిది పైపులు కావాలి. నాలుగంగుళాలవైతే నాలుగు, ఆరంగుళాలవైతే రెండు.

కొట్టులో అడిగేటప్పుడు అంగుళాల్లో చెప్పకండి. పీవీసీ పైపుల మీద ఉండే కొలత బయటి వ్యాసం. 110 అని రాసి ఉన్నదే మనం నాలుగంగుళాలు అనేది, 160 ఆరంగుళాలది, 90 మూడంగుళాలది. 75 అని ఉన్నది రెండున్నర అంగుళాల కిందే లెక్క. ‘మూడంగుళాల పైపు’ అని చీటీ రాసి పంపితే 75 పైపు వచ్చి వాలుతుంది. లోపల చూస్తే 71 మిల్లీమీటర్ల దాకానే ఉంటుంది. చీటీలో 110 మిల్లీమీటర్లు అని రాయండి.

ఇక మిగిలినవి రెండు: నాలుగు 110 పైపులా, రెండు 160 పైపులా? అంకెల్లో రెండూ సరిపోతాయి. నేను నాలుగు 110నే ఎంచుకుంటాను. పక్కింటి వేపచెట్టు ఆకులో, ఎగిరొచ్చిన పాలిథిన్ కవరో పడి ఒక తూము మూసుకుపోతే నాలుగింటిలో పోయేది పావు వంతు, రెండింటిలో పోయేది సగం. పైగా తూములు రెండే ఉంటే నీళ్లు దూరం నడవాలి, దూరం నడవాలంటే వాటం కాంక్రీటు మందంగా పోయాలి. ఆ బరువు శ్లాబ్ మీద జీవితాంతం ఉంటుంది. విశాలమైన అపార్టుమెంటు డాబాల సంగతి వేరు, అక్కడ 160 తప్పదు.

తూముల మధ్య దూరం

మూలల్లో పెట్టడం అలవాటు. మూలల్లో పెడితే పైపులు కనిపించవు, అందుకే. కానీ నీటి నడక దృష్టితో చూస్తే మూల మంచి చోటు కాదు. మన డాబాకు మధ్యలో పొడవునా ఎత్తు చేసి రెండు వైపులకూ వాటం ఇచ్చామనుకోండి. తూములు నాలుగు మూలల్లో ఉంటే, అన్నిటికన్నా దూరపు చోటు నుంచి నీళ్లు దాదాపు 7.8 మీటర్లు నడవాలి. అవే తూములను పొడవు గోడల్లో, ఒక్కో మూల నుంచి సుమారు 11 అడుగులు లోపలికి జరిపితే ఆ దూరం 5.1 మీటర్లకు తగ్గుతుంది. నూటికి ఒకటి వాటం చొప్పున మొదటి పద్ధతిలో 78 మిల్లీమీటర్ల ఎత్తు పెంచాలి, రెండో పద్ధతిలో 51 చాలు. ఒక్కో తూము వంతుకు వచ్చే డాబా కూడా 26 చదరపు మీటర్లే. గోడల మీది నుంచి జారేది కలిపితే 29 దగ్గరికి వస్తుంది, పట్టికలోని 28.5కి అది దాదాపు సమానం.

కిటికీలు, సన్‌షేడ్‌లు అడ్డొస్తే అడుగో రెండడుగులో అటూ ఇటూ జరపండి. ఒకే గోడలో ఒక తూముకూ ఇంకో తూముకూ మధ్య ఏడు మీటర్లు దాటనివ్వకండి. నూటికి ఒకటి కన్నా వాటం తగ్గించమని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి, చేత్తో పూసిన డాబాలో అంతకన్నా తక్కువ వాటం నిలవదు, అక్కడక్కడా గుంటలు పడతాయి.

తూము నోరు: పక్కకా, కిందికా?

పైపు ఎంత లావున్నా నీళ్లు ముందు దాని నోట్లోకి దిగాలి. పైపు మధ్యలో ఎప్పుడూ సగం ఖాళీగానే ఉంటుంది, ఇరుకంతా నోటి దగ్గరే. మన దగ్గర రెండు పద్ధతులున్నాయి. ఒకటి, శ్లాబ్‌కే రంధ్రం పెట్టి పైపును నిలువుగా దింపడం. రెండోది, పిట్టగోడ అడుగున అడ్డంగా పైపు పెట్టి బయట వంపు తిప్పి కిందికి దింపడం. ఇళ్లలో ఎక్కువగా రెండోదే చేస్తారు. శ్లాబ్‌ను తొలిచే పని లేదు, కాబట్టి కారే భయం తక్కువ.

అయితే అడ్డంగా పెట్టిన నోటికి ఒక బలహీనత ఉంది. డాబా మీద మూడు సెంటీమీటర్ల లోతు నీరు నిలిచినప్పుడు నిలువు తూములోకి చుట్టూరా నీళ్లు దిగుతాయి. 110 పైపు అప్పుడు సెకనుకు రెండున్నర లీటర్ల పైనే మింగుతుంది. అడ్డం పైపులో ఆ లోతుకు అడుగున సన్నని చంద్రవంకంత మేరే నీరు పారుతుంది, నిలువు దానిలో మూడో వంతు కూడా పోదు. పట్టికలో చెప్పిన సామర్థ్యం రావాలంటే నీళ్లు ఇంకా పైకి లేవాలి. దానికి తోడు మేస్త్రీ పైపును వాటం కన్నా సెంటీమీటరు ఎత్తుగా బిగిస్తే ఆ సెంటీమీటరు నీరు ఎప్పటికీ పోదు, అక్కడే పాచి పడుతుంది.

దీనికి మార్గం తేలికే. తూము ముందు అడుగు పొడవు, అడుగు వెడల్పుతో రెండంగుళాల లోతు పళ్లెంలాంటి గుంట వదలమనండి. పైపు అడుగు ఆ గుంట అడుగుతో సమానంగా ఉండాలి. అప్పుడు డాబా మీద మూడు సెంటీమీటర్లున్నా పైపు నోటి దగ్గర ఎనిమిది సెంటీమీటర్ల లోతు ఉంటుంది, అడ్డం పైపు కూడా నిలువు దానిలాగే మింగుతుంది. వాటం కాంక్రీటు పోసే ముందే ఈ గుంటకు చోటు వదలాలి. తూము దగ్గర వాటం రెండంగుళాలు పోస్తారు కాబట్టి శ్లాబ్ తాకకుండానే ఈ లోతు దొరుకుతుంది. గుంటలో వాటర్‌ప్రూఫింగ్ పూత మాత్రం పైపు లోపలి దాకా వెళ్లాలి.

జాలీ విషయానికొస్తే, పైపు నోటికి సమంగా బిగించే చదును జాలీ వద్దు. నాలుగు ఆకులు పడితే అది పళ్లెం మీద మూతే. గుంట మీద ఎత్తుగా గుమ్మటంలా నిలబడే జాలీ పెట్టండి, పక్కలు మూసుకున్నా పైనుంచి నీళ్లు పోతాయి.

పిట్టగోడ ఎత్తు: నీటి కోసం కాదు, మనిషి కోసం

‘పిట్టగోడ ఎత్తు పెంచితే నీళ్లు పొంగవు’ అనేవాళ్లున్నారు. ఆ ఆలోచన ప్రమాదం. తూములన్నీ మూసుకుపోతే ఎత్తయిన గట్టి పిట్టగోడ డాబాను నీళ్ల తొట్టి చేస్తుంది. మనుషులు తిరిగే డాబా మీద చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువు అదనంగా పడుతుందని లెక్కగట్టి శ్లాబ్ డిజైన్ చేస్తారు. అంటే ఆరంగుళాల నీరు నిలిస్తే ఆ వాటా మొత్తం అయిపోయింది. మన డాబా మీద అది 15 టన్నుల పైమాట. ఆపైన పిట్టగోడ మూడడుగులున్నా నాలుగడుగులున్నా శ్లాబ్‌కు మేలు లేదు.

మనుషుల భద్రత కోసం మాత్రం ఎత్తు కావాల్సిందే. పూర్తయిన నేల మీది నుంచి ఒక మీటరుకు తగ్గకూడదు, 1.2 మీటర్ల దాకా వెళ్లవచ్చు. ఇందులో ‘పూర్తయిన నేల’ అన్న మాటను పట్టుకోండి. మేస్త్రీ శ్లాబ్ మీది నుంచి మూడడుగులు కడతాడు, అంటే 91 సెంటీమీటర్లు. ఆ మీద వాటం కాంక్రీటు గోడ పొడవునా ఐదు నుంచి తొమ్మిది సెంటీమీటర్లు వస్తుంది. కొన్నేళ్లకు ఎండకని తెల్ల టైల్స్ వేస్తే ఇంకో నాలుగైదు. చివరికి మిగిలేది దాదాపు 80 సెంటీమీటర్లు. పెద్దమనిషి నడుముకు కూడా రాదు, పూలకుండీ మీదికి ఎక్కిన పిల్లవాడి మాట చెప్పక్కర్లేదు. అందుకని శ్లాబ్ మీది నుంచి 3 అడుగుల 10 అంగుళాలు కట్టమని మొదటే చెప్పండి. అన్ని పూతలూ పోగా మీటరు తప్పకుండా మిగులుతుంది.

పూర్తిగా ఇటుక గోడా, లేక కింద అడుగున్నర గోడ, పైన స్టీలు రెయిలింగా అన్నది తర్వాతి ప్రశ్న. రెయిలింగు వల్ల గాలి తగులుతుంది, గోడకు కొట్టి జారే వాన తగ్గుతుంది. ఇటుక గోడ చాటు ఇస్తుంది, ఒడియాలు ఎండబెట్టుకునే ఇంటికి అదే నచ్చుతుంది. విశాఖ నుంచి నెల్లూరు దాకా తుపాను గాలి తగిలే ఊళ్లలో నాలుగున్నర అంగుళాల ఇటుక గోడను ఉత్తగా నాలుగడుగులు లేపకండి. పది అడుగులకో చిన్న కాంక్రీటు స్తంభం, పైన కాంక్రీటు పట్టీ ఉండాలి. నీటి వరకు చూస్తే రెండింటికీ తేడా లేదు. అడుగున్నర గోడ కూడా ఆరంగుళాల నీటిని హాయిగా ఆపేస్తుంది, కాబట్టి ఏది ఎంచుకున్నా తర్వాతి పని తప్పదు.

పొంగితే ఎటు పోవాలి: అదనపు తూము

నాకు చేతనైతే ప్రతి డాబాకూ దీన్నే ముందు పెట్టిస్తాను. మామూలు తూములన్నీ మూసుకుపోయినా నీళ్లు ఇంట్లోకి రాకుండా, శ్లాబ్‌కు భారం కాకుండా బయటికి పోయే దారి ఇది.

రెండు రకాలుగా చేస్తారు. రెండంగుళాల పైపు ముక్కను పిట్టగోడలో దూర్చడం ఒకటి. దాని మీద రెండంగుళాల నీరు నిలిచినా సెకనుకు లీటరుకు కొంచెం పైన పోతుంది. మన ఇంటి 4.8 లీటర్లకు కనీసం నాలుగు కావాలి, పిచ్చుక గూడు కట్టిందంటే అదీ పోయింది. రెండో రకం, గోడలో అడుగు వెడల్పు, నాలుగంగుళాల ఎత్తు ఉన్న చీలిక వదలడం. అందులో రెండంగుళాల లోతున నీరు పారితే సెకనుకు ఐదున్నర లీటర్లు దాటిపోతాయి. అంటే అలాంటి చీలిక ఒక్కటే డాబా మీద పడే మొత్తం వానను బయటికి పంపగలదు. ఇటుక గోడలో నాలుగు ఇటుకల చోటు, అంతే. ఎంపికలో నాకు సందేహమే లేదు: చీలికే. వీలైతే ఎదురెదురు గోడల్లో రెండు.

దాని ఎత్తే అసలు కీలకం. చీలిక అడుగు మామూలు తూము దగ్గరి నేల కన్నా రెండంగుళాలు పైన ఉండాలి. నిండుగా పారేటప్పుడు ఆ పక్కన నీరు నాలుగంగుళాలు ఉంటుంది. మెట్ల గది గడప ఆరంగుళాలు ఎత్తు పెట్టండి. వాటర్‌ప్రూఫింగ్ పూతను పిట్టగోడ మీదికి అడుగు ఎత్తు దాకా తిప్పించండి. రెండు, నాలుగు, ఆరు, అడుగు: ఈ వరస తప్పకపోతే నీళ్లకు గడప ఎప్పుడూ అందదు. గడప రెండంగుళాలుండి అదనపు తూము నాలుగంగుళాల మీద ఉంటే మాత్రం మెట్లే తూము అవుతాయి.

చీలిక నుంచి బయటికి అర అడుగు ముక్కులా రాయి గానీ కాంక్రీటు గానీ పొడుచుకు రావాలి, లేకపోతే నీళ్లు గోడ వెంట జారి రంగు పాడుచేస్తాయి. అది మీ ఖాళీ స్థలంలోనే పడాలి. పక్కింటి వైపు, కరెంటు మీటరు మీదికి పడే చోట పెట్టొద్దు. ముక్కు నుంచి నీళ్లు దూకుతున్నాయంటే లోపల తూము మూసుకుందని అర్థం, వెంటనే పైకి వెళ్లి చూడాలి.

కింది చివర

పైపు అడుగున ఏమవుతుందన్నది కూడా పైన పొంగడానికి కారణమే. వాన పైపును మురుగు పైపులో కలిపితే రోడ్డు మీది మ్యాన్‌హోల్ నిండినప్పుడు ఆ నీరంతా వెనక్కి తంతుంది. ఇంకుడు గుంతకు నేరుగా సీలు చేసి కలిపినా అంతే, గుంత అరగంటలో నిండవచ్చు. పైపును నేల మీద ఒక చిన్న జాలీ గుంటలో వదిలి, అక్కడి నుంచి ఇంకుడు గుంతకు పంపండి. గుంత నిండితే నీళ్లు వాకిట్లోకి పొర్లుతాయి గానీ పైపులో పైకి ఎక్కవు. రెండు 110 పైపులను మధ్యలో కలిపి ఒక్క 110గా దింపడం కూడా కనిపిస్తుంటుంది. అప్పుడు లెక్కలో ఉన్నది ఒక్కటే పైపు.

ఇప్పటికే కట్టిన ఇల్లయితే

ముందు పరీక్షించి చూడండి. ఒక్కో తూము దగ్గర రెండు పెద్ద బకెట్ల నీళ్లు, అంటే 40 లీటర్లు, గబగబా గుమ్మరించండి. సరైన 110 పైపు అరనిమిషంలో తాగేయాలి. నీళ్లు గుడగుడమంటూ ఆగి ఆగి పోతుంటే కింది వంపులో ఇసుక పేరుకుంది. మొదటి అంతస్తు దగ్గర అతుకులోంచి నీళ్లు చిమ్మినా అదే కారణం. పై గదిలో సీలింగు, గోడ కలిసే చోట వాన తర్వాత చెమ్మ గీత వస్తుంటే, డాబా మీద నీరు వాటర్‌ప్రూఫింగ్ పూత అంచు దాటి నిలిచిందన్నమాట. పిట్టగోడ లోపలి వైపు మట్టి గీత ఎంత ఎత్తున ఉందో టేపు పెట్టి కొలవండి, పోయిన వానకు నీళ్లు ఎంత దూరం లేచాయో ఆ గీతే చెబుతుంది.

డబ్బు తక్కువుంటే క్రమం ఇది. మొదట అడుగు వెడల్పు అదనపు తూము కొట్టించండి, ఇద్దరు మనుషులకు ఒక పూట పని. గోడలో కాంక్రీటు స్తంభం, కరెంటు గొట్టం లేని చోటు చూసుకోవాలి, కొట్టిన అంచులకు వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ పూయించాలి. తర్వాత మెట్ల గది గడప ఎత్తు పెంచండి. 75 పైపులను 110కి మార్చడం మూడో పని, అందులోనూ గుంట లేకుండా పైపు ఒక్కటే మారిస్తే సగం ఫలితమే దక్కుతుంది. పిట్టగోడ ఎత్తు తక్కువుంటే పైన స్టీలు రెయిలింగు వేయించండి, పాత నాలుగున్నర అంగుళాల గోడ మీద ఇంకో మూడు వరసల ఇటుక పేర్చవద్దు.